పక్క తీగే నా అసలు ట్యూనర్: బెండింగ్, వైబ్రాటో సాధనలో నాలుగేళ్ల అనుభవం

లీడ్ గిటార్ వాయించేటప్పుడు బెండ్, అంటే ఫ్రెట్ మీద తీగను పక్కకు తోసి పైకి లేపిన స్వరం, శ్రుతికి చేరుతోందా లేదా చూసుకోవడానికి నేను నాలుగేళ్లుగా మూడింటిని వాడుతున్నాను. హెడ్‌స్టాక్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ ఒకటి, ఫోన్‌లో శ్రుతిపెట్టె ఒకటి, గిటార్ మీదే పక్కనున్న తీగ ఒకటి. డబ్బు పెట్టి కొన్నది ట్యూనర్ ఒక్కటే. చెవికి పదును పెట్టింది మాత్రం పక్క తీగ. ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ దెబ్బతీసిందో రాస్తున్నాను.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. పై వాటాలో ఒక వీణ టీచర్‌గారు ఉంటారు. అప్పట్లో సాయంత్రాలు ఆంప్ పెట్టి ఒకే సోలో పదేపదే వాయించేవాణ్ణి. వేళ్లు బాగానే పరిగెత్తేవి, వినడానికి మాత్రం ఏదో తేడాగా ఉండేది. ఒకరోజు మెట్ల దగ్గర కనబడి ఆవిడే అన్నారు: "బాబూ, నిషాదం నుంచి బయల్దేరుతున్నావు కానీ షడ్జం దాకా వెళ్లట్లేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతున్నావు." నేను వాయిస్తున్నది మూడో తీగ మీద ఏడో ఫ్రెట్, అంటే డి. దాన్ని పైకి తోసి ఇ పలికించాలి. ఇ ని షడ్జం అనుకుంటే డి కైశికి నిషాదం అవుతుంది. ఆవిడ ఎలక్ట్రిక్ గిటార్ ముట్టుకుని ఎరగరు, అయినా తప్పు పట్టేశారు. వీణలో గమకం పలికించేది కూడా మెట్టు మీద తీగను పక్కకు లాగే కదా.

ఆ వారమే ట్యూనర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. డి నుంచి ఇ కి రెండు అర్ధస్వరాల దూరం, సెంట్లలో చెబితే 200. నేను దాదాపు 165 దగ్గర ఆగుతున్నాను. ముల్లు చూస్తూ ఇంకాస్త తోస్తే మధ్యకి వచ్చేది. పది రోజుల్లో ట్యూనర్ ముందు ప్రతి బెండూ పచ్చ లైటు వెలిగించింది. ఫోన్‌లో రికార్డు చేసి వింటే మాత్రం పాత తప్పే వినబడింది. కారణం తర్వాత తెలిసింది. ట్యూనర్ స్వరాన్ని పట్టుకుని చూపించడానికి కొంత సమయం పడుతుంది. నేను ముందు తక్కువలో ఆగి, ముల్లు చూసి, అప్పుడు సర్దుకుంటున్నాను. వినేవాళ్ల చెవిలో పడేది ఆ మొదటి ఆగుడే. పైగా సర్దుతున్నది నా కళ్లు, చెవి ఖాళీగా కూర్చుంది. అందుకే ఇప్పుడు ట్యూనర్‌ని తీగలు శ్రుతి చేసుకోవడానికి, కళ్లు మూసుకుని బెండ్ పట్టి ఉంచి ఆ తర్వాత ఒకసారి కళ్లు తెరిచి చూసుకోవడానికి మాత్రమే వాడుతున్నాను. ఆ రెండో పనికి అది చాలా మంచిది.

పక్క తీగ పద్ధతి ఇలా ఉంటుంది. రెండో తీగ ఐదో ఫ్రెట్ మీద చూపుడు వేలు పెడితే అక్కడ పలికేది మనకు కావలసిన ఇ. మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద ఉంగరం వేలు ఉంటుంది. రెండు తీగల్నీ కలిపి మీటి, మూడో తీగను పైకి తోస్తూ పోవాలి. దీన్నే యూనిజన్ బెండ్ అంటారు. రెండు స్వరాలూ దగ్గరపడే కొద్దీ శబ్దంలో ఊయల లాంటి అల మొదలవుతుంది, వావ్, వావ్, వావ్ అని. కలిసిన క్షణంలో ఆ అల ఆగిపోయి శబ్దం నిలబడుతుంది.

ఈ అలల్ని లెక్కపెట్టొచ్చు. నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే. అక్కడి ఇ సెకనుకు దాదాపు 330 కంపనాలు. బెండ్ 326 దగ్గర ఆగితే తేడా నాలుగు, సెకనుకు నాలుగు అలలు వినబడతాయి. అంటే సుమారు 20 సెంట్లు తేడా. సెకనుకు ఒక్క అల వరకు తెచ్చుకుంటే తేడా ఐదు సెంట్ల దగ్గరకు వచ్చినట్టు. నా మొదటి వారం రికార్డింగుల్లో సెకనుకు ఆరేడు ఉండేవి, ట్యూనర్ చూపించిన 35 సెంట్ల లోటుకు అది సరిపోతుంది. ఆంప్‌లో డిస్టార్షన్ తీసేసి, నెక్ పికప్ పెట్టి, టోన్ నాబ్ బాగా తగ్గిస్తే అల స్పష్టంగా వినబడుతుంది. డిస్టార్షన్ ఉంటే తేడా గరగరలాగా వినిపిస్తుంది, లెక్కకు అందదు.

దీనికో పరిమితి ఉంది. అల తేడా ఎంతో చెబుతుంది కానీ ఏ వైపుకో చెప్పదు. అల వినబడుతున్నప్పుడే తీగను వెంట్రుకవాసి పైకి తోసి చూస్తాను. అల నెమ్మదిస్తే ఇంతసేపూ తక్కువలో ఉన్నట్టు, వేగం పెరిగితే ఎక్కువ తోసేసినట్టు. చేయి కుదిరాక పక్క తీగను ముందు మీటను. బెండ్ ఒక్కటే చేసి, చేరాననుకున్నాక రెండో తీగ మీటి సరిచూసుకుంటాను. ముందు గురి, తర్వాత పరీక్ష.

ఇది రాయకపోతే చాలామంది నాలాగే నెల పోగొట్టుకుంటారు. నా మొదటి గిటార్‌కి కదిలే ట్రెమొలో బ్రిడ్జి ఉంది. దాని మీద యూనిజన్ బెండ్ ఎన్నిసార్లు చేసినా, అల ఆగిన చోట ఆగినా, వెనక వచ్చే బ్యాకింగ్ ట్రాక్‌తో కలిసేది కాదు. ఒక షాపులో చూపిస్తే తీగలు మార్చి ఇచ్చారు, తేడా పోలేదు. నా చెవిలోనే లోపం ఉందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. చివరికి ఒక స్నేహితుడి గిటార్ తీసుకుని వాయిస్తే అంతా కలిసింది. దానికి కదలని బ్రిడ్జి. ఇంటికొచ్చి నా గిటార్‌లో రెండో తీగను ఉత్తిగా మోగిస్తూ మూడో తీగను తోశాను. తాకని ఆ రెండో తీగ ట్యూనర్‌లో పదిహేను సెంట్ల దాకా కిందకు జారింది. ఒక తీగ బిగుసుకుంటే ఆ లాగుడికి బ్రిడ్జి ముందుకు వంగుతుంది, మిగతా తీగలన్నీ వదులవుతాయి. అంటే నేను కొలబద్దగా పెట్టుకున్న స్వరమే జారిపోతోంది. వెనక మూత విప్పి, మూడు స్ప్రింగులకు ఇంకొకటి కలిపి, వాటిని పట్టి ఉంచే రెండు స్క్రూలు బిగించి, బ్రిడ్జిని బాడీకి ఆనించాను. ఇప్పుడు ట్రెమొలో కర్రతో స్వరాన్ని కిందకే దించగలను, పైకి లేపలేను. ఆ నష్టం నాకు సమ్మతమే.

బెండ్ వదిలాక తీగ వెనక్కి వచ్చినప్పుడు శ్రుతి తగ్గి ఉంటే అది వేరే సంగతి. తీగ హెడ్‌స్టాక్ దగ్గరుండే నట్ గాడిలో ఇరుక్కుంటోందన్న మాట. తోసేటప్పుడు టింగ్‌మని చిన్న చప్పుడు కూడా వస్తుంది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే చాలావరకు పోతుంది.

చేయి గురించి ఒక్కటే చెబుతాను. ఉంగరం వేలు ఒంటరిగా తోయకూడదు. దాని వెనక మధ్యవేలు కూడా అదే తీగ మీద ఉండాలి, చూపుడు వేలు ఖాళీగా ఉంటే అదీ తోడు రావాలి. బొటనవేలు నెక్ పైఅంచు మీదకు వచ్చి పట్టుకుంటే, తలుపు గొళ్లెం తిప్పినట్టు మణికట్టు తిరుగుతుంది. వేలి కీళ్లు నొప్పి పెడుతున్నాయంటే తిరుగుడు ఆగిపోయి వేలు తోస్తోందని అర్థం. మే నెలలో మన ఊరి ఉక్కకు వేలు తడిసి తీగ గోరు కిందకు జారుతుంది, పక్కన చిన్న తువ్వాలు ఉండాల్సిందే.

ఇక శ్రుతిపెట్టె. ఇ అంటే మూడు శ్రుతి. అది పెట్టుకుని డి మీటి, తోసి, షడ్జంలో కలిసేదాకా నిలపడం నా రోజువారీ సాధనలో మొదటి పావుగంట. దానికన్నా కష్టమైనది ప్రీబెండ్. తీగను మీటకుండానే ముందు తోసి ఉంచి, అప్పుడు మీటాలి. వినడానికి ఏమీ ఉండదు, చేతికి ఎంత బరువు తగిలిందన్న జ్ఞాపకమే ఆధారం. ఇందులో పదికి ఏడు కలవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

వైబ్రాటోకు కూడా శ్రుతిపెట్టే సరైన తోడు, ఎందుకంటే ఊగుతున్న స్వరాన్ని ట్యూనర్ పట్టుకోలేదు. స్లైడ్ గిటార్ శబ్దాన్ని చేతి కదలికతోనే రప్పించాలని ప్రయత్నించి బి.బి.కింగ్ తన వైబ్రాటో సంపాదించుకున్నారు. ఆయన చేయి కదలికను చూసే చాలామంది నేర్చుకున్నారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. చేయి ఊపడం వచ్చింది, శ్రుతి రాలేదు. అసలు విషయం తిరిగి రావడంలో ఉంది. ఫ్రెట్ మీద నొక్కిన స్వరం పైకి మాత్రమే వెళ్లగలదు, కాబట్టి ప్రతి ఊపుకూ పూర్తిగా కిందకు, అసలు స్వరానికి రావాలి. సగంలోనే మళ్లీ పైకి పోతే స్వరమంతా ఎక్కువైనట్టు వినబడుతుంది. బెండ్ మీద చేసే వైబ్రాటో దీనికి తలకిందులు. షడ్జం చేరాక కాస్త వదిలి, మళ్లీ అక్కడికే చేరాలి. మొదటి దాంట్లో ఇల్లు కింద ఉంటుంది, రెండో దాంట్లో పైన.

మెట్రోనోమ్ 70 పెట్టి దెబ్బకు రెండు ఊపులతో మొదలుపెట్టాను, ఆరు నెలలకు మూడుకు వెళ్లాను. అంటే సెకనుకు మూడున్నర. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంతో వింటే ఏ ఊపు ఇంటికి రాలేదో విడివిడిగా తెలుస్తుంది. నాకు ప్రతిసారీ దొరికిపోయేది నాలుగో ఊపు. అక్కడికి వచ్చేసరికి మణికట్టు ఆగి వేలు వణకడం మొదలవుతుంది.

తీగల సంగతి కూడా. రెండేళ్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 9 నుంచి 42 మందం ఉన్న సెట్ వాడి, తర్వాత 10 నుంచి 46 కు మారాను. మూడో తీగ 16 నుంచి 17 అవుతుంది, బిగువు దాదాపు 13 శాతం పెరుగుతుంది. తోయాల్సిన బలం ఆ మేరకు పెరిగింది కానీ తోయాల్సిన దూరం దాదాపు అంతే ఉంది, అందుకే వారంలో అలవాటైపోయింది. ఇబ్బంది పెట్టింది సెట్ మార్పు కాదు, తీగ మార్పు. అదే రెండు అర్ధస్వరాలకు మూడో తీగ కన్నా రెండో తీగను ఎక్కువ దూరం తోయాలి. మూడో తీగ మీద కుదిరిన చేత్తో రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్ నుంచి బెండ్ చేస్తే ప్రతిసారీ తక్కువలో ఆగేది. మొదటి తీగ ఐదో ఫ్రెట్‌ను పక్క తీగగా పెట్టుకుని అలలు లెక్కపెట్టుకుంటూ దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

మొదటి తీగకు మాత్రం ఆ సాయం లేదు, దాని అవతల ఇంకో తీగ ఉండదు కదా. అక్కడ శ్రుతిపెట్టె, రికార్డింగే దిక్కు. ప్రస్తుతం మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ స్వరానికి, అంటే సి నుంచి డి కి, రెండు శ్రుతి పెట్టుకుని పని చేస్తున్నాను. పదికి ఐదారు కలుస్తున్నాయి.