పాత పేజీ: విలీనమా, తొలగింపా?

తిరుపతిలో యాత్రికులకు వాహనాలు సమకూర్చే ఒక సంస్థ వెబ్‌సైట్‌లో అలిపిరి మెట్ల దారి గురించి నాలుగేసి వాక్యాల పేజీలు మూడు, 2019 బ్రహ్మోత్సవాల బస్సు ప్యాకేజీ పేజీ ఒకటి ఉన్నాయనుకుందాం.

మెట్ల దారి పేజీలు మూడూ ఒకే సందేహానికి సమాధానాలు కనుక వాటిని కలపడమే సరైనది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల క్లిక్‌లను, బయటి లింకులను చూసి, బలమైన చిరునామాను నిలిపి, మిగతా పేజీల్లోని పనికొచ్చే సమాచారాన్ని అందులో చేర్చిన తర్వాతే వాటిని 301 అనే శాశ్వత మళ్లింపుతో అక్కడికి పంపాలి. చేర్చకుండా మళ్లిస్తే, సామాను ఎక్కడ అప్పగించాలో తెలుసుకోవడానికి వచ్చిన యాత్రికుడికి ఆ సంగతే కనిపించదు. ఈ మళ్లింపును కనీసం ఏడాది పాటు, వీలైతే శాశ్వతంగా ఉంచాలి.

బస్సు పేజీ సంగతి వేరు. ఆ ప్యాకేజీ ఇప్పుడు లేదు, దానికి సాటి పేజీ కూడా లేదు. ఇలాంటివాటిని చాలామంది హోమ్‌పేజీకి మళ్లిస్తారు గానీ, సంబంధం లేని మళ్లింపును గూగుల్ సాఫ్ట్ 404గా, అంటే నిజానికి లేని పేజీగా, పరిగణించవచ్చు. అందువల్ల పేజీ శాశ్వతంగా పోయిందని చెప్పే 410 కోడ్‌తో తొలగించడమే మేలని నా అభిప్రాయం. ప్యాకేజీని ఏటా నడుపుతుంటే మాత్రం, సంవత్సరం లేని చిరునామాలో ఒకే పేజీని తాజాగా ఉంచి, పాతదాన్ని అక్కడికి మళ్లించాలి.

అపాచీ సర్వర్‌లో ఇలా రాయాలి, మళ్లించే రెండో మెట్ల దారి పేజీకి కూడా మొదటి వరుస లాంటిదే మరొకటి చేర్చాలి:

```
Redirect 301 /alipiri-metlu /alipiri-nadaka
Redirect gone /brahmotsavam-2019-bus
```

ఆపైన సైట్‌మ్యాప్‌లోను, మెనూల్లోను మిగిలిన పాత చిరునామాలను కూడా సరిచేయాలి.