మాస్కు చాలనప్పుడు డీనాయిజ్ పెంచకండి: ముఖం మార్చే పని, 14 నెలల వాడకం తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, వాటి ఆల్బమ్‌లు, ఇదే మా పని. గ్రూప్ ఫొటోలో ఒకరి ముఖం మార్చాల్సి వస్తే 14 నెలలుగా స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌తో ఇన్‌పెయింటింగే, అంటే ఫొటోలో కొంత భాగాన్ని మాత్రమే మళ్ళీ గీయించడమే చేస్తున్నాను. మార్చాల్సిన చోట మాస్కు గీస్తాను, కొత్త ముఖం ఎవరిదో చెప్పడానికి ఫేస్ అడాప్టర్‌కు ఒక రిఫరెన్స్ ఫొటో ఇస్తాను. మొదటి ఆరు నెలలు నేను చేసిన తప్పు ఒక్కటే. పోలిక రానప్పుడల్లా డీనాయిజ్‌ను, అంటే పాత బొమ్మను ఎంత మార్చాలో చెప్పే మీటను, పెంచుకుంటూ పోయాను. చాలాసార్లు తేడా ఉన్నది మాస్కులో.

ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది ఒక ఓణీల ఫంక్షన్ ఫొటోతో. అమ్మాయి మేనమామ కువైట్‌లో ఉంటాడు, సెలవు దొరకలేదు. మేనమామ లేకుండా ఆ ఫొటో ఏం బాగుంటుందని వాళ్ళమ్మ బాధపడుతుంటే, మా స్టూడియో కుర్రాడికి అదే రంగు చొక్కా వేసి ఆయన నిలబడాల్సిన చోట నిలబెట్టాం. తర్వాత మేనమామతో వీడియో కాల్‌లో మాట్లాడి, ఆయన సరేనన్నాక ఆయన ఫొటోలే తెప్పించుకున్నాను. ఎదుటి మనిషి ఒప్పుకోకుండా ఈ పని ముట్టుకోను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమన్నాను.

మా కుర్రాడికి పాతికేళ్ళు, కోల ముఖం, ఒత్తైన జుట్టు. మేనమామకు యాభై దగ్గర పడింది. వెడల్పు దవడ, మీసం, నుదురు దగ్గర జుట్టు పలచబడింది. ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్ళు, అందులో ముఖం వెడల్పు 220 పిక్సెళ్ళ దాకా ఉంటుంది.

ముందు సైజు సంగతి. మొత్తం ఫొటోను 768 పిక్సెళ్ళకు కుదించి ఇస్తే ఆ ముఖం 28 పిక్సెళ్ళకు పడిపోతుంది. మోడల్ పనిచేసేది పిక్సెళ్ళ మీద నేరుగా కాదు, ఒక్కో వైపు ఎనిమిదో వంతుకు కుదించిన రూపం మీద. అంటే ముఖం మొత్తానికి అడ్డంగా మూడున్నర గళ్ళు. అందులో కన్నెక్కడ, ముక్కెక్కడ? అందుకే Only masked పెట్టాలి. అప్పుడు మాస్కు చుట్టూ ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించి, పెద్దది చేసి, పని అయ్యాక మళ్ళీ దాని చోట అతికిస్తుంది.

మొదటి ప్రయత్నంలో కనుబొమ్మల నుంచి కింది పెదవి దాకా బిగుతుగా మాస్కు గీశాను. డీనాయిజ్ 0.5. వచ్చిన మనిషి మేనమామ కాదు, మేనమామకు తమ్ముడు ఉండి ఉంటే అతనిలా ఉన్నాడు. కళ్ళు ఆయనవే, మీసం ఆయనదే. దవడ, నుదురు మాత్రం మా కుర్రాడివి. మాస్కు బయట ఉన్నది మారదు కదా, వెడల్పు ముఖాన్ని కోల ముఖంలో ఇరికించినట్టు అయింది. నేనేమో పోలిక చాల్లేదనుకుని 0.7కి, తర్వాత 0.85కి పెంచాను. దవడ అలాగే ఉంది. పైగా చూపు పక్కకు తిరిగింది, ఎడమ నుంచి పడుతున్న వీడియో లైటు పసుపు వెలుగు బుగ్గ మీద మాయమైంది.

డీనాయిజ్ తక్కువగా ఉంటే పాత బొమ్మలోని పెద్ద పెద్ద విషయాలు నిలుస్తాయి. వెలుగు ఎటు నుంచి, తల ఎటు, ముఖం ఆకారం ఏమిటి అన్నవి అవే. మారేది పైపై వివరం. ఎక్కువైతే అవన్నీ చెరిగిపోయి, మోడల్ మొదటి నుంచి ఊహించుకుంటుంది. మనకు వెలుగు, తల వాలు ఉండాలి, ఆకారం మాత్రం పోవాలి. ఒక్క మీటతో రెండూ జరగవు.

కాబట్టి ఆకారాన్ని చేత్తో ఇచ్చాను. ఫొటోషాప్‌లో లిక్విఫైతో దవడను రెండు వైపులా కాస్త బయటికి లాగి, నుదుటి మీద జుట్టును చర్మం రంగుతో ముతకగా వెనక్కి జరిపాను. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది, ఫర్వాలేదు. తర్వాత మాస్కును చెవుల దాకా, జుట్టు మొదలు దాకా, గడ్డం కిందికి కాలరు అంచు దాకా పెంచాను. సెట్టింగులు ఇవి:

```
Inpaint area: Only masked
Only masked padding, pixels: 96
Masked content: original
Mask blur: 12
Denoising strength: 0.58
Sampling steps: 40
Size: 768 x 768
```

ఇవే సెట్టింగులతో ఎనిమిది సీడ్లు, అంటే ఎనిమిది వేర్వేరు ప్రయత్నాలు వేస్తే రెండు నిలిచాయి. 40 స్టెప్పులు అని ఉన్నా 0.58 దగ్గర నిజంగా నడిచేవి 23, 24 మాత్రమే. అందుకే మామూలుగా పెట్టే 20తో సరిపెట్టుకోకూడదు.

ప్యాడింగ్‌ను చాలామంది మాస్కు సైజే అనుకుంటారు. ప్యాడింగ్‌లో ఉన్నది మోడల్‌కు కనిపిస్తుంది, కానీ మారదు. చుట్టూ వెలుగెలా ఉందో తెలియడానికే అది. మాస్కులో ఉన్నది మారుతుంది. ఒకసారి మాస్కు అంచు పక్కావిడ మల్లెపూల మీదికి పోయింది. పూలన్నీ కలిసి తెల్ల ముద్దయ్యాయి. మాస్కును అక్కడ లోపలికి జరిపి, ప్యాడింగ్ పెంచితే సరిపోయింది.

అడాప్టర్ విషయానికొస్తే నేను వాడేది ip-adapter-plus-face_sd15, బరువు 0.8. 1కి తీసుకెళ్తే రిఫరెన్స్ ఫొటోలోని నవ్వు, తల వాలు కూడా వెంట వచ్చేస్తున్నాయి. అది రిఫరెన్స్‌ను 224 x 224 చదరానికి కుదించి చూస్తుంది. నిలువు ఫొటో అలాగే ఇస్తే గడ్డమో నుదురో తెగిపోతుంది. ముఖం చుట్టూ చదరంగా మనమే కత్తిరించి ఇవ్వాలి. ఇదే అడాప్టర్‌లో FaceID రకంతో పోలిక ఇంకా గట్టిగా వస్తుంది, ఇంట్లో పరీక్షించి చూశాను. కానీ ఆ మోడళ్ళు వ్యాపారానికి వాడకూడదన్న లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి డబ్బులు తీసుకునే పనిలో పెట్టను.

దీనికి చేతకానివీ ఉన్నాయి. పూర్తిగా పక్కకు తిరిగిన ముఖం నాకు ఎప్పుడూ కుదరలేదు. కళ్ళజోడు అద్దాల మీద వెలుగుంటే కళ్ళు రెండూ రెండు రకాలుగా వస్తాయి. ఫొటోలో ముఖం 100 పిక్సెళ్ళ లోపుంటే, ఎంత పెద్దది చేసి గీసినా చివరికి ఆ సైజుకే కుదించాలి. అక్కడ ఈ శ్రమ దండగ.

ఇంకో లోపం స్క్రీన్ మీద కనబడదు, ప్రింట్‌లో కనబడుతుంది. కొత్త ముఖం నున్నగా ఉంటుంది, చుట్టూ కెమెరా గ్రెయిన్ ఉంటుంది. 12x36 షీటు మీద ఆ ముఖం ఒక్కటే మైనంలా తేలిపోతుంది. ముఖం మీద పక్క చర్మంతో సరిపడా గ్రెయిన్ వేసి, 200 శాతం జూమ్‌లో కొత్త లేయర్‌ను ఆన్, ఆఫ్ చేసి చూస్తాను. ఆపినప్పుడు చొక్కా కాలరు కూడా కదిలినట్టు కనిపిస్తే మాస్కు అక్కడ ఎక్కువైందని అర్థం.

ఇంత చేసి ప్రూఫ్ చూపిస్తే మేనమామ తల్లి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "వాడే బాబూ, వాడే. కానీ వాడి మెడ ఇంత సన్నం కాదయ్యా" అంది. నిజమే, కాలరు పైన కనిపించే రెండు వేళ్ళ మెడ మాస్కులో ఉన్నా దాని ఆకారం నేను సరిచేయలేదు, 0.58 దగ్గర అది పాతికేళ్ళ మెడగానే మిగిలిపోయింది. మెడను కూడా లిక్విఫైతో వెడల్పు చేసి, అక్కడికే మాస్కు గీసి, 0.45తో మళ్ళీ నడిపాను. మేనకోడలి భుజం మీదున్న చెయ్యి మాత్రం మా కుర్రాడిదే. ఆ వేళ్ళ జోలికి నేను పోలేదు, ఆవిడా అడగలేదు.