తలస్నానం చేశాక రంగు వేయాలా, జిడ్డు తలకే వేయాలా: ఏది మేలు?

తెల్ల వెంట్రుకలకు ఇంట్లోనే రంగు వేసుకునేవారికి రెండు రకాల సలహాలు వినబడుతుంటాయి. తలస్నానం చేసి జుట్టు బాగా ఆరాక వేస్తేనే రంగు పట్టుకుంటుందని కొందరు చెబుతారు. తలస్నానం చేయని జుట్టుకే వేయాలని, జిడ్డు ఉంటే మాడు మండదని మరికొందరు చెబుతారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే రెండో సలహా మన ఇళ్ళకు వచ్చేసరికి దారి తప్పుతోంది. ఒకటి రెండు రోజులుగా స్నానం చేయని తలలో మాడు నుంచి సహజంగా ఊరే పలుచని జిడ్డు మాత్రమే ఉంటుందన్న ఊహ మీద ఆ సలహా నిలబడింది. మనలో చాలామంది తలలో ఆ జిడ్డు పైన కొబ్బరినూనె, కొన్నిసార్లు దానిపైన సీరమ్ కూడా ఉంటాయి. రంగు వేసేటప్పుడు ఈ రెండు తలలనూ ఒకటిగా చూడకూడదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డెవలపర్ కలిపి వేసుకునే క్రీము రంగుకు అన్నిటికంటే అనుకూలమైనది ముందురోజు తలస్నానం చేసి, ఆ తర్వాత నూనె గానీ మరేదైనా గానీ రాయకుండా వదిలేసిన పొడి జుట్టు. అప్పుడే తలంటుకున్న జుట్టుది రెండో స్థానం. నూనె పెట్టిన జుట్టుది చివరి స్థానం, పైగా ఆ రెండింటికీ చాలా దూరంలో ఉంటుంది.

కారణం తెలియాలంటే రంగు జుట్టులోకి ఎలా వెళుతుందో చూడాలి. వెంట్రుక పైన చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకున్న పొర ఉంటుంది. క్రీములోని అమ్మోనియా గానీ, దాని బదులు వాడే మరో క్షారం గానీ వెంట్రుకను ఉబ్బించి ఆ పొలుసులను కాస్త తెరుస్తుంది. పీపీడీ వంటి చిన్న చిన్న రంగులేని అణువులు ఆ సందుల్లోంచి లోపలికి చేరతాయి. డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల అవి లోపలే ఒకదానితో ఒకటి కలిసి, రంగున్న పెద్ద అణువులుగా మారి, తిరిగి బయటికి రాలేక అక్కడే ఉండిపోతాయి. ఈ పనంతా నీటి ఆధారంగానే జరుగుతుంది కనుక, క్రీములోని తడి వెంట్రుకను నేరుగా తాకడం చాలా అవసరం.

ఒక రోజులో ఊరే సహజమైన జిడ్డు దీనికి పెద్దగా అడ్డం రాదు. క్రీములో క్షారంతో పాటు జిడ్డును నీటిలో కలిపేసే పదార్థాలు కూడా ఉంటాయి. ఆ పలుచని పొరను అవే విడదీస్తాయి. చాలా క్రీము ప్యాకెట్ల మీద తలస్నానం చేయని పొడి జుట్టుకు రాయమని ఉండడానికి ఇదే ఆధారం. కానీ రాత్రి అరచేతి నిండా పోసుకుని కుదుళ్ళ దాకా మర్దనా చేసిన కొబ్బరినూనె ఆ కొలతకు చెందదు. క్రీము బలంలో కొంత భాగం ఆ నూనెను విడదీయడానికే ఖర్చవుతుంది, మిగిలినది జారుతుంది. పైగా కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కూడా ఇంకుతుంది. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిళ్ళను పోలుస్తూ మన దేశపు పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం, జుట్టులోని ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది ఈ మూడింటిలో కొబ్బరినూనె ఒక్కటేనని చూపింది. వెంట్రుక నీటికి ఉబ్బడాన్ని ఆ నూనె తగ్గించడం జుట్టు ఆరోగ్యానికి మంచిదే. రంగుకు మాత్రం వెంట్రుక ఉబ్బడమే కావాలి.

నూనె అడ్డం ఎంత గట్టిదో చూడాలంటే నుదుటి అంచును దగ్గరగా గమనించండి. చర్మానికి మరక అంటకుండా నుదుటి మీద, చెవుల మీద పెట్రోలియం జెల్లీ రాసుకోవడం మంచి అలవాటే. అయితే వేలు కాస్త పైకి జరిగి మొదటి వరుస వెంట్రుకలకు జెల్లీ అంటితే, కడిగి ఆరబెట్టాక ఆ వరుస కుదుళ్ళ దగ్గర సన్నని తెల్లగీత మిగిలిపోతుంది. పక్కనే ఉన్న వెంట్రుకలకు అదే క్రీము, అంతే సమయం ఉన్నా అవి నల్లగా ఉంటాయి. జెల్లీని వెంట్రుకల అంచుకు ఒక నూలు దూరంలో ఆపాలని చెప్పేది ఇందుకే.

నూనె తర్వాత చెప్పుకోవలసింది పేరుకుపోయే సరుకుల గురించి. సీరమ్‌లలోని సిలికాన్, జెల్, హెయిర్ స్ప్రే, డ్రై షాంపూ పొడి జుట్టు మీద పొరలు పొరలుగా నిలుస్తాయి. నూనెలా చేతికి తెలియవు కనుక వీటి వల్ల వచ్చే తేడాను చాలామంది రంగు మీదికి నెట్టేస్తారు. సీరమ్‌ను సాధారణంగా చివర్లకే రాస్తాం, రంగు వేసేది కుదుళ్ళకు. అందువల్ల దాని నష్టం కొంత తక్కువ. ముందు వెంట్రుకలు చెదరకుండా పాపిట దగ్గర, చెంపల దగ్గర రాసే జెల్ వల్లే అసలు ఇబ్బంది, ఎందుకంటే రంగుకు త్వరగా లొంగని తెల్ల వెంట్రుకలు ఉండేది కూడా అక్కడే. బోరు నీటితో స్నానం చేసే ఇళ్ళలో కాల్షియం వంటి లవణాలు కూడా జుట్టు మీద చేరి దాన్ని బిరుసుగా చేస్తాయి. అలాంటివారు రంగుకు ముందు చేసే స్నానంలో చివరి రెండు చెంబులైనా తాగే మంచినీటితో పోసుకుంటే మేలు.

ఇక అప్పుడే తలంటుకున్న జుట్టు సంగతి. రంగు పట్టే విషయంలో దీనికి లోటేమీ లేదు. శుభ్రమైన జుట్టుకు రంగు పట్టదన్న మాట నిజం కాదు. ఇబ్బంది మాడుకే. షాంపూ పెట్టి గోళ్ళతో గట్టిగా రుద్దినప్పుడు చర్మం మీది జిడ్డు పొర పోవడమే కాక కంటికి కనబడనంత సన్నని గీతలు కూడా పడతాయి. వాటి మీద అమ్మోనియా, పెరాక్సైడ్ తగిలితే చురుక్కుమంటుంది. రెండో ఇబ్బంది తడి. తువ్వాలుతో తుడిచి కాస్త చెమ్మగా ఉండగానే క్రీము రాస్తే, ఆ నీటికి రంగు పలుచబడి మెడ మీదికి కారుతుంది. తడి జుట్టుకు వేయమని ప్యాకెట్ చెబితే తప్ప, జుట్టు కుదుళ్ళ దాకా ఆరాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. జిడ్డు పొర చురుకును తగ్గిస్తుందే గాని అలెర్జీని ఆపదు. చురుకు రాసిన కొద్ది నిమిషాల్లో మొదలై కడిగాక సద్దుమణుగుతుంది. పీపీడీ అలెర్జీ సాధారణంగా కొన్ని గంటల తర్వాత గానీ, రెండు మూడు రోజులకు గానీ దురదగా మొదలై చెవులు, కనురెప్పలు వాచేదాకా వెళుతుంది. జిడ్డు తలకే వేస్తున్నానన్న ధీమాతో 48 గంటల ముందు చెవి వెనుక చేయవలసిన పరీక్షను మానకూడదు. ఎన్నో ఏళ్ళుగా ఒకే రంగు వాడుతున్నవారికి కూడా ఈ అలెర్జీ కొత్తగా రావచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోజూ కొబ్బరినూనె రాసి జడ వేసుకునే 55 ఏళ్ళ గృహిణి ఆదివారం సాయంత్రం రంగు వేసుకోవాలనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆమె చెవి వెనుక పరీక్ష చేసుకుంటుంది. శనివారం ఉదయం తలస్నానం చేస్తుంది. నూనె తల కనుక షాంపూ రెండుసార్లు పెడుతుంది: మొదటిసారి నురుగు సరిగా రాదు, రెండోసారి చిక్కగా వస్తుంది, అదే నూనె పోయిందనడానికి గుర్తు. కుంకుడు రసం కూడా జిడ్డును బాగా వదిలిస్తుంది, కాకపోతే దాని పిప్పి తలలో మిగలకుండా కడగాలి. కండీషనర్ కావాలంటే చివర్లకే రాస్తుంది. ఆ తర్వాత ఆదివారం సాయంత్రం దాకా తలకు ఏదీ రాయదు. ఎండిపోయినట్టున్న జుట్టును చూసి ‘కొంచెం నూనె రాస్తే ఏమవుతుందిలే’ అనిపించేది ఈ ఒకటిన్నర రోజులోనే.

ఆదివారం సాయంత్రం ఒక పాయను తెల్ల కాగితం మధ్య పెట్టి నొక్కితే మచ్చ పడకూడదు. అప్పుడు ప్యాకెట్ చెప్పిన నిష్పత్తిలో, చాలా క్రీములకు సమభాగాలుగా, కలిపి ముందుగా చెంపలకు, పాపిటకు రాస్తుంది. బ్రష్ కదిలినచోట క్రీము వెంట్రుకను అంటిపెట్టుకుని నిలవాలి. ప్యాకెట్ మీద 30 నిమిషాలని ఉంటే, అవి అవుతుండగా చెంప దగ్గరి చిన్న పాయను తడి దూదితో తుడిచి చూస్తుంది. తెలుపు కనిపించకపోతే కడిగేయవచ్చు.

ఇదే గృహిణి శనివారం రాత్రి నూనె రాసుకుని ఆదివారం అలాగే రంగు వేస్తే తేడా మొదటి పాయలోనే తెలుస్తుంది. క్రీము వెంట్రుకలను చుట్టుకోకుండా పైపైన ముద్దలుగా నిలిచి జారుతుంది. తుడిచి చూసినప్పుడు తెల్ల వెంట్రుకలు నల్లబడకుండా రాగి ఛాయలోనో లేత గోధుమ రంగులోనో ఉంటాయి. తల వెనుక నూనె తక్కువగా ఉన్నచోట నల్లగా, ముందు ఎక్కువగా ఉన్నచోట వెలసినట్టుగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఇంకో పావుగంట ఉంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే కలిపిన రంగుకు పని చేసే సమయం పరిమితం. అది దాటాక మాడుకు చికాకే మిగులుతుంది.

మిగతా రంగుల విషయంలో తేల్చడం తేలిక. కడుగుతున్నకొద్దీ దిగిపోయే, డెవలపర్ అక్కరలేని రంగుల్లో జిడ్డును విడదీసే క్షారం ఉండదు కనుక, వాటికి కండీషనర్ లేకుండా కడిగి ఆరబెట్టిన జుట్టే కావాలి. గోరింటాకు, నీలి ఆకు పొడులకూ అంతే. నీలి ఆకు పొడి నూనె తలకు వేస్తే ఆకుపచ్చ, నీలం ఛాయలు అక్కడక్కడా తేలి, కోరుకున్న నలుపు రాదు. నీళ్ళలో కలుపుకునే సాచెట్ పొడి రంగులకు కూడా నూనె లేని శుభ్రమైన జుట్టే నయం. దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది బ్లీచ్. అది మాడును ఎక్కువగా బాధిస్తుంది కనుక దానికి ముందు ఒకటి రెండు రోజులు తలంటుకోకపోవడమే మంచిది.

పెళ్ళి ప్రయాణమో, అతిథులో ఉండి ఈరోజే రంగు వేయక తప్పదు, తల నిండా నూనె ఉంది అనుకుందాం. ముందే పరీక్ష చేసుకుని ఉంటే, నూనె తలకు వేయడం కంటే ఇప్పుడే తలస్నానం చేసి వేయడం మేలు. కాకపోతే షాంపూను గోళ్ళతో రుద్దకుండా వేళ్ళ మెత్తలతో పట్టించి, గోరువెచ్చని నీటితో కడిగి, జుట్టు పూర్తిగా ఆరాక కూడా మూడు నాలుగు గంటలు ఆగాలి. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే రంగు వేయకూడదు. రాసిన వెంటనే భరించలేని మంట పుడితే, పని సగంలో ఉన్నా కడిగేయాలి.