సీన్ రిహార్సల్: ముందు మాటలు పట్టించాలా, ముందు ఆడనివ్వాలా?

షూటింగుకు వారం ముందు నటులు ఇద్దరూ దొరికారు, మూడు పూటలు రిహార్సల్‌కి వస్తామన్నారు. ఆ మూడు పూటల్లో ఏం చేయించాలన్నదే ప్రశ్న. రాసిన డైలాగు నోటికొచ్చేదాకా చెప్పించడం ఒక దారి. స్క్రిప్టు మూసి, సీన్ని సొంత మాటల్లో ఆడించి, మెల్లగా రాసిన మాటకు తీసుకురావడం రెండోది. సీన్ జోలికి పోకుండా దాని ముందూ వెనకా జరిగినవి మాత్రమే అప్పటికప్పుడు సొంత మాటల్లో ఇంప్రొవైజ్ చేయించి, సీన్ వరకు రాసింది రాసినట్టే ఆడించడం మూడోది. దేని లాభం దానిదే, కానీ పని పాడయ్యే తీరు మాత్రం మూడింటిలో మూడు రకాలు.

గాల్లో మాట్లాడుకునే బదులు ఒక చిన్న సీన్ పెట్టుకుందాం. వరంగల్ దగ్గర ఒక ఊరు. నాన్న పోయాక పాతిల్లు అమ్మేయాలని తమ్ముడు బేరం కుదుర్చుకున్నాడు. అక్క సంతకం కావాలి. రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగి ఇంటికొచ్చాడు. స్క్రిప్టులో ఇలా ఉంది:

అక్క: తిన్నవా?
తమ్ముడు: బస్సుల తిన్న.
అక్క: బస్సుల ఏం పెడ్తరు?
తమ్ముడు: అక్కా, కాయితాలు తెచ్చిన.
అక్క: పప్పుచారు ఉంది.
తమ్ముడు: రేపు రిజిస్ట్రేషన్.
అక్క: చేతులు కడుక్కో.

ఏడే డైలాగులు. ఇల్లు అన్న మాట ఒక్కసారి కూడా రాదు. సీన్ బలమంతా అందులోనే ఉంది.

ముందే మాటలు పట్టిస్తే

తెలుగు సెట్లలో చాలామందికి అలవాటైన పద్ధతి ఇదే. నిజానికి చాలాచోట్ల ఇదీ ఉండదు. అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇస్తుంటే నటుడు అందుకుని చెప్తాడు, తప్పేమైనా ఉంటే డబ్బింగులో సర్దుకుంటారు. గొంతును సెట్లోనే రికార్డు చేసే సింక్ సౌండ్ పెట్టుకున్న సినిమాకి ఆ వీలు లేదు. ప్రాంప్టర్ గొంతు కూడా మైకులో పడుతుంది. కాబట్టి మాట నోటికి రావాల్సిందే.

మాట నోటికి వస్తే నష్టమేం లేదు. మాటతో పాటు రాగం కూడా వచ్చేస్తే నష్టం. నటుడు ఇంట్లో ఒక్కడే కూర్చుని "బస్సుల తిన్న" అని యాభైసార్లు చెప్పుకుంటే ఆ మాటకి ఒక ఎత్తు, ఒక దించు అతుక్కుపోతాయి. ఎదుటివాళ్లు ఏం చేసినా అవి మారవు. పరీక్ష సులువే. అక్క పాత్రధారిని పక్కకు పిలిచి, "తిన్నవా" అన్నది ఒకసారి విసుగ్గా, ఒకసారి చాలా మెల్లగా, ఒకసారి వాకిలి వైపు చూస్తూ అనమనండి. తమ్ముడికి ఈ సంగతి చెప్పొద్దు. మూడుసార్లూ "బస్సుల తిన్న" ఒకేలా వచ్చిందంటే అతను అక్కతో మాట్లాడటం లేదు, తన జ్ఞాపకంతో మాట్లాడుతున్నాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఎదుటి మాట పూర్తవకముందే ఇతని మొహం జవాబుకు సిద్ధమైపోతుంది. క్లోజప్‌లో ఇది దాగదు.

దీనికి మందు ఇంట్లో చదువుకునే తీరులోనే ఉంది. భావం పెట్టకుండా, మామిడిపళ్ల లెక్క అప్పజెప్పినట్టు చదునుగా, ఎదుటివాళ్ల చివరి రెండు మాటలతో కలిపి బట్టీ పట్టమనాలి. రిహార్సల్ మొదట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గిన్నెలు సర్దుతూనో ఉల్లిపాయలు ఒలుస్తూనో అదే సీన్ని రెట్టింపు వేగంతో, నటించకుండా రెండుసార్లు చెప్పాలి. చేతికి పని ఉన్నప్పుడు కూడా మాట తడబడకుండా వస్తే అది నిజంగా పట్టుబడినట్టు.

కామెడీ టైమింగ్ మీద నిలబడే సీన్లకీ, కోర్టు వాదనలకీ, పేజీన్నర ఏకధాటి డైలాగులకీ, యాస మీద నటుడికి పట్టు లేనప్పుడూ ఈ పద్ధతే నయం. అక్కడ సొంత మాటలంటే సమయం వృథా.

ముందు సొంత మాటల్లో ఆడిస్తే

ఈ పద్ధతికి పాత మూలమే ఉంది. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ చివరి ఏళ్లలో, అంటే 1930లలో, మాస్కోలో తన విద్యార్థులతో ఇలా పని చేయించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మరియా క్నేబెల్ తర్వాత దాన్ని పద్ధతిగా నిలబెట్టింది. సారాంశం ఇది: సీన్ చదవండి, అందులో ఏం జరిగిందో తేల్చుకోండి, స్క్రిప్టు పక్కన పెట్టి సొంత మాటల్లో ఆడండి, వెంటనే స్క్రిప్టు తెరిచి మీరు ఆడినదానికీ రాసినదానికీ తేడా చూడండి, మళ్లీ ఆడండి. మాటలు బట్టీ పట్టడం అన్నిటికంటే చివర.

చాలామంది ఇందులో మొదటి సగం చేసి రెండో సగం వదిలేస్తారు. ఆడించి, బాగుందని చప్పట్లు కొట్టి, టీకి వెళ్లిపోతారు. స్క్రిప్టు తెరిచి పోల్చడమే అసలు పని.

మన సీన్ని ఇలా ఆడిస్తే మొదటిసారి దాదాపు ఖాయంగా జరిగేది చూడండి. తమ్ముడు కాయితాలు తీయగానే అక్క, "నాన్న కట్టిన ఇల్లురా, ఎట్ల అమ్మాలనిపిచ్చింది నీకు?" అంటుంది. తమ్ముడు అప్పుల సంగతి చెప్తాడు. అక్క ఏడుస్తుంది. రెండు నిమిషాల సీన్ తొమ్మిది నిమిషాలవుతుంది. గదిలో ఉన్నవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి, రాసినదానికన్నా ఇదే బాగుందని ఎవరో ఒకరు అంటారు. అక్కడే సీన్ చేజారేది. రాసినవాడు దాచిపెట్టిన మాట బయటికొచ్చేసింది. దాచుకోవడం నటుడికి కష్టం, చెప్పేయడం సుఖం. అందుకే ఇంప్రొవైజేషన్ ఎప్పుడూ లోపలి మాటను పైకి ఈడ్చేస్తుంది.

అలాగని అది వ్యర్థం కాదు. స్క్రిప్టు తెరిచాక అక్క పాత్రధారిని ఒక్కటే అడగండి: "ఇంత కోపం ఉన్న మనిషి 'పప్పుచారు ఉంది' అని ఎందుకంటుంది?" ఇంతకుముందు ఆమెకి అది వడ్డించే మాట. ఇప్పుడు తలుపు మూసే మాట. రెండోసారి ఆడేటప్పుడు ఒక షరతు పెట్టండి: ఇల్లు, నాన్న, డబ్బు అన్న మూడు మాటలు ఎవరి నోటా రాకూడదు. ఇప్పుడు వాళ్లు తిండి గురించీ బస్సు గురించీ వాన గురించీ మాట్లాడక తప్పదు. రాసిన సీన్‌కి వాళ్లంతట వాళ్లే దగ్గరికొస్తారు. మూడోసారి స్క్రిప్టు చేతిలో పట్టుకుని రాసిన మాటలతోనే. మూడు రౌండ్లు చాలు. నాలుగోసారికి ఇంప్రొవైజేషన్‌లో దొరికిన ముక్కలు కూడా బట్టీ అయిపోతాయి, అప్పుడు వాటిని వదిలించడం డైలాగు నేర్పడం కన్నా కష్టం.

తెలుగులో ఈ పద్ధతికి ఇంకో గండం ఉంది, యాస. సొంత మాటల్లో ఆడమంటే నటుడు సొంత ఊరి మాటలోకి జారిపోతాడు. భీమవరం అబ్బాయి వరంగల్ తమ్ముడిగా వేస్తుంటే మొదటి నిమిషంలోనే "తెచ్చిన" పోయి "తెచ్చాను" వస్తుంది. ఆ క్షణంలో ఆపి సరిదిద్దితే ఆట చెడుతుంది, వదిలేస్తే చెవి చెడుతుంది. అలాంటి నటుడికి ఈ రౌండ్ మాటల్లేకుండా, చేతలతో మాత్రమే ఆడించండి. కాయితాల సంచి ఎక్కడ పెట్టాడు, అక్క దాన్ని తీసి ఎక్కడ పెట్టింది, కంచం ఎప్పుడొచ్చింది అన్నవి చాలు. యాస పాడవదు, సీన్ మాత్రం దొరుకుతుంది.

రిహార్సల్ ఫోన్‌లో రికార్డు చేస్తే దర్శకుడి దగ్గరే ఉంచాలి. నటులు చూస్తే తమ మొదటి ఆటను తామే అనుకరించడం మొదలుపెడతారు. మాట మారిస్తే బాగుంటుందనిపిస్తే ఆ పూటే రచయితను అడిగి, మార్చిన లైను స్క్రిప్టులో ఎక్కించి, తేదీ వేసి అందరికీ కొత్త పేజీ ఇవ్వాలి. పేజీలోకి ఎక్కని మార్పు లేనట్టే. ఈ ఒక్క నియమం లేకపోతే సెట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సీన్ ఉంటుంది.

ఇంప్రొవైజేషన్ అనగానే బ్రిటిష్ దర్శకుడు మైక్ లీ పేరు ఎత్తడం ఒక అలవాటు. ఆయన దారి వేరు. అక్కడ మొదట రాసిన డైలాగే ఉండదు. నెలల తరబడి ఇంప్రొవైజ్ చేసి దాన్నుంచే సీన్ని తయారుచేస్తారు, కెమెరా ముందుకొచ్చేసరికి మాటలు స్థిరపడి ఉంటాయి. రాసిన స్క్రిప్టు చేతిలో పెట్టుకుని ఆయన్ని ఉదాహరణగా చెప్పడం కుదరదు.

సీన్ని వదిలి దాని చుట్టూ ఆడిస్తే

మన సీన్‌కి రెండు రోజుల ముందు తమ్ముడు అక్కకి ఫోన్ చేసి ఉంటాడు. ఆ ఫోన్ స్క్రిప్టులో లేదు. ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి నిజంగానే ఫోన్లలో మాట్లాడమనండి. తమ్ముడికి చెవిలో: "ఈ ఫోన్‌లోనే అక్కతో ఊఁ అనిపించుకోవాలి." అక్కకి చెవిలో: "ఊఁ అనొద్దు, కాదనీ అనొద్దు." అయిదారు నిమిషాలు చాలు. ఫోన్ పెట్టగానే, దాని గురించి ఒక్క మాటా మాట్లాడకుండా, తమ్ముడు సంచి భుజాన వేసుకుని ఇంకో గది నుంచి నడిచి రావాలి. అక్క "తిన్నవా?" అంటుంది. ఇక రాసిందే, అక్షరం పొల్లుపోకుండా.

మధ్యలో మాట్లాడకూడదన్నది ముఖ్యం. చర్చ పెట్టగానే ఆ ఫోన్ ఒక ఆలోచనగా మారిపోతుంది. వెంటనే నడిచొస్తే అది ఒంట్లోనే ఉంటుంది. "అక్కా, కాయితాలు తెచ్చిన" అనే ముందు తమ్ముడు ఒక క్షణం ఆగితే ఆ ఆగడం ఎవరూ నేర్పింది కాదు.

ఇక్కడ డైలాగుకి ప్రమాదమే లేదు, ఎందుకంటే ఎవరూ దాన్ని తాకలేదు. ప్రమాదం కథకి. ఫోన్‌లో అక్క ఊపులో "నాన్న పోయినప్పుడు నువ్వసలు రాలేదు" అనేసిందనుకోండి, స్క్రిప్టులో ఇంకోచోట తమ్ముడే తలకొరివి పెట్టి ఉంటే అబద్ధపు గతం మీద నటన కడుతున్నట్టు. అందుకని ముందే నాలుగైదు వాస్తవాలు చీటీ మీద రాసివ్వాలి: నాన్న ఎప్పుడు పోయాడు, కర్మ ఎవరు చేశారు, ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు, ఇద్దరూ ఆఖరిసారి ఎప్పుడు కలిశారు. అంతకంటే ఎక్కువ ఇస్తే చీటీ చూసి మాట్లాడతారు. ఈ పద్ధతికి ఇంకో లోటు కూడా ఉంది. రాసిన సీన్‌లోనే లోపం ఉంటే ఇది దాన్ని పట్టివ్వదు. రెండో పద్ధతిలో నటులు ఒక లైనును ప్రతిసారీ వదిలేస్తున్నారంటే ఆ లైను అక్కర్లేదేమో అన్న అనుమానమైనా వస్తుంది.

ఏది మేలు?

ఇలాంటి, చెప్పని మాట మీద నడిచే ఇద్దరి సీన్‌కి మూడోదే వెన్నెముక కావాలి. రెండోది అందులో ఒక్క పూట. మొదటి పూట చదివి, రెండు రౌండ్లు సొంత మాటల్లో ఆడి, అదే పూట మూడో రౌండ్ రాసిన మాటలతో ముగించాలి. సొంత మాటలు నోట్లో ఉండగా నటుల్ని ఇంటికి పంపొద్దు, రాత్రంతా అవే తిరుగుతాయి. మధ్యలో రెండు రోజులు వదిలితే చదునుగా బట్టీ పట్టుకొస్తారు. రెండో పూట ఫోన్, దాని వెంటనే సీన్. మూడో పూట లొకేషన్లోనో నేల మీద టేపుతో గీసిన గదిలోనో బ్లాకింగ్, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో తేల్చుకోవడం. ఏ మాట దగ్గర అక్క కంచం కింద పెడుతుందో అప్పుడే నిలబెట్టి రాసుకోవాలి. మాటలు పట్టుబడ్డాక మళ్లీ సొంత మాటల్లోకి వెళ్లొద్దు. నోట్లో రెండు సీన్లు కలిసిపోయి, సెట్లో అయిదో టేకులో "పప్పుచారు ఉంది" కాస్తా "పప్పుచారు చేసిన, తిందువు రా" అవుతుంది.

ఒకటే పూట దొరికితే రెండోదాన్ని వదిలేయండి. సగం చేసిన ఇంప్రొవైజేషన్ కన్నా, చదివించి, ఫోన్ ఆడించి, రాసింది రాసినట్టు నాలుగుసార్లు చేయించడం నయం.

సెట్లో "ఒక టేకు మీ ఇష్టం" అని ఇచ్చే అలవాటుంటే అది అన్ని షాట్లూ అయిపోయాక, ఒక మనిషి మీదున్న క్లోజప్‌లో మాత్రమే ఇవ్వాలి. సీన్ మొత్తాన్నీ ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో కొత్త మాట పడితే మిగతా ప్రతి షాట్‌లోనూ అది చెప్పించాలి, లేకపోతే ఎడిటింగ్‌లో ఆ టేకు దేనికీ అతకదు. డబ్బింగ్ సినిమా అయితే ఆ కొత్త మాటను అక్కడికక్కడే రాసిపెట్టుకోవాలి. నెల తర్వాత, సెట్లో గుర్తు కోసం రికార్డు చేసుకున్న పైలట్ ట్రాక్‌లో ఫ్యాన్ చప్పుడు మధ్య నటుడు ఏమన్నాడో అతనికే వినపడదు.