ఈసిమ్‌ తొలగింపు, రోమింగ్ ప్యాక్ రద్దు: తిరిగొచ్చాక ఏది తేలిక?

ప్రయాణానికి కొన్న ఈసిమ్‌ను ఫోన్‌లోంచి తొలగిస్తే పథకం కూడా ముగిసినట్టేనని నేను నమ్మాను. సింగపూర్ నుంచి పన్నెండో రోజున తిరిగి వచ్చి, సెట్టింగ్స్‌లో Delete eSIM నొక్కాను. ముప్ఫై రోజుల గడువు ముగిసిన రోజున నా కార్డు నుంచి మళ్లీ అదే మొత్తం పోయింది. తొలగింపు వల్ల ఫోన్‌లోని ప్రొఫైల్ మాత్రమే పోతుందనీ, చెల్లింపు ఒప్పందం విక్రేత దగ్గరున్న నా ఖాతాలో, అక్కడ భద్రపరిచిన కార్డు మీద కొనసాగుతుందనీ అప్పుడు తెలిసింది. కనుక ముందు విక్రేత యాప్‌లో Auto-renew ఆపి, తేదీతో సహా ఆ తెరను ఫొటోగా దాచుకుని, ఆ తర్వాతే ఈసిమ్‌ను తొలగించాలి. ఒక్కసారికే కొన్న ప్రీపెయిడ్ ఈసిమ్‌లకు ఈ బెడద లేదు. గడువు తీరగానే అవి వాటంతటవే ఆగిపోతాయి.

మన సొంత నంబరు మీద తీసుకున్న రోమింగ్ ప్యాక్‌లో చిక్కు వేరు. Data Roaming మీట ఆపితే డేటా వాడకం ఆగుతుంది గానీ, స్వయంచాలక పునరుద్ధరణ ఉన్న పోస్ట్‌పెయిడ్ ప్యాక్ రద్దు కాదు. ఆ మొత్తం నెల బిల్లులో కలిసిపోయి, వరుసలన్నీ చదివితే తప్ప కనిపించదు. అయితే ఆపరేటర్ యాప్‌లో దాన్ని రద్దు చేస్తే మన నంబరుకే ధ్రువీకరణ సందేశం వస్తుంది, పేచీ వస్తే ఫిర్యాదు చేయడానికి ఇక్కడే కస్టమర్ కేర్ ఉంటుంది. రద్దు సౌలభ్యం వరకు నా మొగ్గు రోమింగ్ ప్యాక్ వైపే.