యాభై లక్షల పైన వచ్చిన లక్ష: పన్ను కట్టేయాలా, తగ్గించుకోవాలా, వాయిదా వేయాలా?

యాభై లక్షల ఆదాయం దాటితే పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి పడుతుంది. దాటిన భాగం మీద మాత్రమే కాదు, మొత్తం పన్ను మీద. ఈ మాట చాలామందికి తెలుసు. మార్జినల్ రిలీఫ్ అనే ఊరట ఉందనీ, ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినందుకు లక్ష రూపాయల పన్ను పడదనీ కూడా తెలుసు. అందుకే "రిలీఫ్ ఉందిగా, పర్వాలేదు" అని ఊరుకుంటారు. నా అభ్యంతరం ఈ ఊరుకోవడం మీదే. ఆ రిలీఫ్ మనల్ని అదనపు నష్టం నుంచి కాపాడుతుందే తప్ప, అదనంగా సంపాదించినదాన్ని మన చేతిలో ఉంచదు. ఉదాహరణతో చూద్దాం.

ఒక ఉద్యోగి కొత్త పన్ను విధానంలో ఉన్నారనుకుందాం. ఆర్థిక సంవత్సరం 2025-26. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా పన్ను వర్తించే జీతం 49,60,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ మరో 1,40,000. మొత్తం 51,00,000. ఆఫీసువారికి వడ్డీ సంగతి తెలియదు కాబట్టి జీతం మీద 11,10,720 కోసి ఫారం 16 ఇస్తారు. అందులో సర్‌ఛార్జి గడి ఖాళీగానే ఉంటుంది. బ్యాంకు వడ్డీ మీద 10 శాతం, అంటే 14,000 కోస్తుంది. అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది.

జులైలో రిటర్ను నింపేటప్పుడు లెక్క ఇలా తిరుగుతుంది. 51 లక్షల మీద శ్లాబుల ప్రకారం పన్ను 11,10,000. దాని మీద 10 శాతం సర్‌ఛార్జి 1,11,000. కలిపి 12,21,000. ఇప్పుడు రిలీఫ్ రంగంలోకి వస్తుంది. సరిగ్గా 50 లక్షల మీద పన్ను 10,80,000, అక్కడ సర్‌ఛార్జి లేదు. దాటిన ఆదాయం 1,00,000. ఈ రెండూ కలిపితే 11,80,000. పన్ను, సర్‌ఛార్జి కలిపి అంతకు మించకూడదు కాబట్టి 41,000 తగ్గిస్తారు. ఇక్కడితో ఆగితే, పైన వచ్చిన లక్షకు సరిగ్గా లక్ష పన్ను పడినట్లు. కానీ లెక్క ఇక్కడితో ఆగదు. ఆరోగ్య, విద్యా సెస్సు 4 శాతాన్ని రిలీఫ్ ఇచ్చిన తర్వాతే వేస్తారు. 11,80,000 మీద 47,200. మొత్తం కట్టాల్సింది 12,27,200.

సరిగ్గా 50 లక్షలే వచ్చి ఉంటే కట్టాల్సింది 11,23,200. తేడా 1,04,000. లక్ష ఎక్కువ సంపాదించినందుకు లక్షా నాలుగు వేల పన్ను. అదనపు పన్ను అదనపు ఆదాయాన్ని మించదు అన్న సూత్రం సెస్సు దగ్గర తప్పుతుంది. చట్టంలో ఈ చిన్న కన్నాన్ని ఇన్నేళ్లు పూడ్చకుండా వదిలేయడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఇక ఆ ఉద్యోగి సంగతికొస్తే, 1,40,000 వడ్డీ కోసం పడిన పన్ను 1,16,480. టీడీఎస్ పోగా 1,02,480 ఒక్కసారిగా కట్టాలి. ముందస్తు పన్ను కట్టనందుకు నెలకు 1 శాతం చొప్పున వడ్డీ అదనం.

రిలీఫ్ ఎక్కడి దాకా ఉంటుంది? కొత్త విధానంలో సుమారు 51,61,194 దాకా. ఆ గీత దాటాక మామూలు 10 శాతం సర్‌ఛార్జే తక్కువవుతుంది, రిలీఫ్ సున్నా అవుతుంది. అంటే 50 లక్షల నుంచి 51.61 లక్షల మధ్య వచ్చే ప్రతి రూపాయికీ 1 రూపాయి 4 పైసలు పోతాయి. ఆ తర్వాత వచ్చే రూపాయికి 34 పైసలు చిల్లర మాత్రమే పోతుంది. ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు ఈ పట్టీలో మీరు ఎక్కడ ఉన్నారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి దారి, ఏమీ చేయకుండా కట్టేయడం. 51 లక్షల వ్యక్తికి పన్ను పోగా మిగిలేది 38,72,800. 50 లక్షల వ్యక్తికి మిగిలేది 38,76,800. ఎక్కువ సంపాదించినవారికి నాలుగు వేలు తక్కువ. ఆదాయం 53 లక్షలో 55 లక్షలో అయితే మాత్రం ఇదే సరైన దారి కావచ్చు. అక్కడ లక్ష తగ్గించుకున్నా ఆదా అయ్యేది 34,320 మాత్రమే. దాని కోసం డబ్బును ఏళ్ల తరబడి ఎక్కడో బిగించడం అవసరమా అన్నది వారి ఇష్టం.

రెండో దారి, ఆదాయాన్ని నిజంగానే తగ్గించుకోవడం. కొత్త విధానంలో పీఎఫ్, బీమా లాంటి పొదుపులకిచ్చే 80సీ మినహాయింపు లేదు, ఇంటి అద్దె భత్యం మినహాయింపు లేదు. సొంతంగా జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో వేసే 50,000కు మినహాయింపు కూడా లేదు. కానీ యాజమాన్యం మన ఎన్‌పీఎస్ ఖాతాలో జమ చేసే మొత్తానికి మూల వేతనం, డీఏల మీద 14 శాతం దాకా మినహాయింపు ఉంది. మూల వేతనం 20 లక్షలైతే 2,80,000 దాకా అవకాశం ఉన్నట్లు. మన ఉద్యోగి జీతంలోంచి లక్షను ఈ రూపంలోకి మార్పించుకున్నారనుకుందాం. ఆదాయం సరిగ్గా 50 లక్షలకు దిగుతుంది. చేతికి 38,76,800 వస్తాయి, ఎన్‌పీఎస్‌లో లక్ష ఉంటుంది. లక్ష పొదుపు చేసి కూడా చేతికి నాలుగు వేలు ఎక్కువ అందుకున్నారు. ఆ లక్షను పెట్టింది ప్రభుత్వమే అనుకోవచ్చు.

అయితే దీనికి కొన్ని ఇబ్బందులున్నాయి. ఇది మార్చి 31న మనమే బ్యాంకుకు వెళ్లి చేసే పని కాదు. జీతం నిర్మాణంలో యాజమాన్యం పెట్టాలి, అదీ నెలలు గడవకముందే. చాలా సంస్థలు సంవత్సరం మొదట్లో ఒకసారే అడుగుతాయి. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ కలిపి యాజమాన్యం వాటా ఏడాదికి 7,50,000 దాటితే ఆ పైభాగం మళ్లీ ఆదాయంలో కలుస్తుంది. యాభై లక్షల స్థాయి జీతాల్లో పీఎఫ్ వాటాయే పెద్దది కాబట్టి ఈ హద్దును చూసుకోవాలి. ఆ డబ్బు చాలావరకు పదవీ విరమణ దాకా చేతికి రాదు కూడా. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, 50-51.61 లక్షల పట్టీలో ఉన్న ఉద్యోగికి ఇంతకు మించిన దారి నాకు కనిపించదు.

మూడోది వాయిదా. ఆదాయాన్ని ఏప్రిల్‌లోకి జరపడం. చెప్పినంత సులువు కాదు. జీతానికి చెందినదేదైనా చేతికి వచ్చిన రోజు, రావాల్సిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ ఏటి ఆదాయంగా లెక్కిస్తారు. మార్చిలో ఇవ్వాలని ఖరారైన బోనస్‌ను ఏప్రిల్‌లో తీసుకున్నా లాభం లేదు. డిపాజిట్ వడ్డీని బ్యాంకు ఏటా లెక్కకట్టి టీడీఎస్ కోసేస్తుంది. వాయిదా నిజంగా చేతిలో ఉన్నది డబ్బు చేతికి అందినప్పుడే ఆదాయంగా లెక్కలు రాసుకునే వృత్తి నిపుణులకు, షేర్లో ఫండ్లో అమ్మబోతున్నవారికి. నిపుణుల విషయంలోనూ ఒక చిక్కుంది. క్లయింటు మార్చిలో బిల్లు నమోదు చేసి టీడీఎస్ కట్టేస్తే అది మన పేరున జమైన పన్నులను చూపే ఈ ఏటి 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది, ఫీజు మాత్రం ఏప్రిల్‌లో అందుతుంది. అప్పుడు ఆ టీడీఎస్‌ను రిటర్నులో వచ్చే ఏటికి ముందుకు తీసుకెళ్తున్నట్లు చూపించాలి. లేకపోతే నోటీసు రావచ్చు.

లాభం ఎంతన్నది మాత్రం పూర్తిగా వచ్చే ఏడు ఎలా ఉంటుందన్నదాని మీద ఉంది. వచ్చే ఏడు ఆదాయం 48 లక్షలైతే, జరిపిన లక్ష మీద అక్కడ పడేది 31,200. ఇక్కడ తప్పింది 1,04,000. వచ్చే ఏడు 55 లక్షలైనా అక్కడ 34,320 పడుతుంది కాబట్టి లాభమే. వచ్చే ఏడు కూడా 50.5 లక్షలైతే మాత్రం వాయిదా వేసి సాధించేది ఏమీ లేదు, అక్కడా లక్షా నాలుగు వేలే పోతుంది. అందుకని ఏటా పట్టీలోనే ఉండేవారు ఆదాయాన్ని రెండేళ్లకు సమంగా పంచుకోవడం కన్నా ఒక ఏట కుప్పగా పోయడం మేలు. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క తేటగా ఉంది. రెండేళ్లూ 51.5 లక్షల చొప్పున చూపిస్తే పన్ను 12,79,200 చొప్పున మొత్తం 25,58,400. అదే మొత్తాన్ని ఒక ఏడు 50, మరుసటి ఏడు 53 లక్షలుగా చూపిస్తే 11,23,200, 13,38,480 కలిపి 24,61,680. తేడా 96,720.

నాలుగో దారి, సర్‌ఛార్జి తప్పించుకోవడానికి పాత విధానంలోకి మారి మినహాయింపులతో 50 లక్షల కిందికి దిగడం. ఈ సలహా తరచూ వినబడుతుంది. కానీ పాత విధానంలో సరిగ్గా 50 లక్షల మీద, సర్‌ఛార్జి లేకుండానే, సెస్సుతో కలిపి 13,65,000 పడుతుంది. కొత్త విధానంలో 53 లక్షల వ్యక్తి సర్‌ఛార్జితో కట్టేదాని కన్నా ఇదే ఎక్కువ. మన ఉద్యోగికి పాత విధానం గిట్టుబాటు కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా సుమారు 5.67 లక్షల మినహాయింపులు ఉండాలి. 80సీ కింద లక్షన్నర, సొంతింటి రుణ వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా పాతిక వేలు కలిపినా 3.75 లక్షలే. ఒక ఊళ్లో ఇల్లు కొని మరో ఊళ్లో అద్దెకుంటూ ఇంటి అద్దె భత్యం మినహాయింపు కూడా పెద్దగా ఉన్నవారికే ఇది కుదురుతుంది. పైన చెప్పిన ఎన్‌పీఎస్ లక్ష ఉంటే, అది రెండు విధానాల్లోనూ దక్కుతుంది కాబట్టి, పాత విధానం గెలవడానికి మిగతా మినహాయింపులు దాదాపు 8 లక్షలు కావాలి. సర్‌ఛార్జి భయంతో మాత్రమే పాత విధానానికి పోవడం తెలివైన పని కాదు.

కోటి, రెండు కోట్ల గీతల దగ్గరా సూత్రం ఇదే, పట్టీలు మాత్రం వెడల్పవుతాయి. కోటి దాటితే సర్‌ఛార్జి 15 శాతం, రెండు కోట్లు దాటితే 25 శాతం. కొత్త విధానంలో కోటి పైన ఆ పట్టీ దాదాపు 1,97,000 దాకా, రెండు కోట్ల పైన 8,92,800 దాకా సాగుతుంది. ఐదు కోట్ల పైన 37 శాతం సర్‌ఛార్జి పాత విధానంలోనే మిగిలింది. 2023-24 నుంచి కొత్త విధానంలో 25 శాతమే గరిష్ఠం. అంత ఆదాయం ఉన్నవారు ఏ విధానమా అని ఆలోచించాల్సిన పని సాధారణంగా ఉండదు.

రిటర్ను నింపేటప్పుడు రెండు చోట్ల చూడండి. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే ఐటీఆర్-1 చెల్లదు, జీతం, వడ్డీ మాత్రమే ఉన్నా ఐటీఆర్-2 వేయాలి. అందులో పన్ను లెక్క పేజీలో సర్‌ఛార్జి రెండు గడుల్లో కనిపిస్తుంది, మార్జినల్ రిలీఫ్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. మన ఉద్యోగికి మొదటిది 1,11,000, రెండోది 70,000. రెండు అంకెలూ వేరుగా ఉంటే మీరు పట్టీలో ఉన్నట్లే. ఆ అంకెలు జులైలో కనిపించేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు. అందుకే వడ్డీ, డివిడెండ్లు, అమ్మిన షేర్ల లాభం కలుపుకొని ఈ లెక్కను జనవరిలోనే ఒకసారి వేసి చూడాలి. అప్పటికి మార్చి జీతం దాకా ఎన్‌పీఎస్ వాటా మార్పించుకోవడానికి ఆఫీసును అడిగే వీలు ఇంకా ఉండవచ్చు, అమ్మకాలను ఏప్రిల్‌కు ఆపుకునే వీలు తప్పకుండా ఉంటుంది.