మీడియా కిట్‌లో ఏది రాయాలి: సగటు వ్యూసా, మధ్య వ్యూసా?

కర్నూలులో ఫుడ్ రీల్స్ చేసేవారు ప్రమోషన్ల కోసం తమ వ్యూస్, రేటు చూపిస్తూ షాపులకు పంపే కిట్ సరిదిద్దుతున్నామనుకుందాం. చివరి 10 రీల్స్‌లో తొమ్మిదింటికి ఒక్కోదానికి దాదాపు 9,000 వ్యూస్. ఒక్క ఉగ్గాని బజ్జి రీల్‌కి మాత్రం 2,29,000.

సగటు తీస్తే 31,000. ఘనంగానే ఉంటుంది కానీ, బట్టల షాపు ఓనరు ప్రొఫైల్ తెరిచి వరుసగా నాలుగు రీల్స్ చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాత పాత కొలాబ్‌ల గురించి రాసినవి కూడా ఆయన నమ్మడు.

రీల్స్‌ను వ్యూస్ వరుసలో పేర్చి, మధ్యలో పడే అంకె తీసుకుంటే 9,000. నేనైతే దీన్నే పైన పెద్దగా రాసి, పక్కన "చివరి 10 రీల్స్" అని, తేదీ వేస్తాను. డబ్బు పెట్టి బూస్ట్ చేసినవి ఈ లెక్కలోకి రాకూడదు. వైరల్ రీల్‌ను దాచక్కర్లేదు, కింద విడిగా లింకు ఇస్తే చాలు.

చిక్కు రేటు దగ్గర వస్తుంది. రీల్‌కి 6,000 రూపాయలు అడిగితే సగటు లెక్కన వ్యూకి 19 పైసలు, మధ్య లెక్కన 67 పైసలు. ఎక్కువే అనిపిస్తుంది. అందుకే రేటు పక్కనే, ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో కనిపించే కర్నూలు ప్రేక్షకుల శాతం స్క్రీన్‌షాట్‌తో పెట్టాలి. ఊళ్లో షాపు నడిపే ఆయనకు కావాల్సింది ఆ జనమే.